కిటికీ జాలీ కొనేవారికి హెచ్చరిక: నమూనాలో చూపింది ఒకటి, బిగించింది మరొకటి

మా ఇంటి ఆరు కిటికీలకు దోమల జాలీ వేయించినప్పుడు, పద్దెనిమిది పదహారుల ఫైబర్ గ్లాస్ మెష్ అని చెప్పి దుకాణదారు నా చేతిలో ఒక చిన్న నమూనా ముక్క పెట్టారు. అది నిజంగానే మంచి ముక్క. అయితే బిగించిన జాలీ ఆ ముక్క కత్తిరించిన చుట్టలోది కాదని నాకు రెండు వారాల తరువాత, కిటికీలన్నీ మూసి ఉన్నట్టే ఉన్నా పడకగదిలో దోమలు తగ్గకపోవడం చూశాకే అర్థమైంది. మొదట చట్రం అంచుల్లో సందులున్నాయేమోనని రబ్బరు బీడింగ్ అంతా తడిమి చూశాను. సందులు లేవు.

అప్పుడు జాలీ వెనుక నల్ల కాగితం పెట్టి, అంగుళాల స్కేలు ఆనించి రంధ్రాలు లెక్కపెట్టాను. ఒక అంగుళంలో లెక్క తప్పే అవకాశం ఎక్కువ కనుక, రెండు అంగుళాల పొడవున లెక్కించి సగం చేయడం మేలు. ఫోనుతో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసుకుంటే కళ్లకు శ్రమ ఉండదు. అంగుళానికి అడ్డంగా 14, నిలువుగా 12 వచ్చాయి. దుకాణదారు చెప్పిన 18×16 అంటే ఒక వైపు అంగుళానికి 18, రెండో వైపు 16 రంధ్రాలుండాలి.

ఈ అంకెల తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, దోమకు కావలసింది అంకె కాదు, ఖాళీ. అంగుళం 25.4 మిల్లీమీటర్లు. దాన్ని రంధ్రాల సంఖ్యతో భాగించి, వచ్చినదాంట్లోంచి దారం మందం తీసేస్తే ఖాళీ వెడల్పు తెలుస్తుంది. సాధారణ ఫైబర్ గ్లాస్ దారం సుమారు 0.28 మిల్లీమీటర్లు ఉంటుంది కనుక, 18×16 జాలీలో ఖాళీ దాదాపు 1.1, 1.3 మిల్లీమీటర్లు. నా కిటికీలకున్న దారం ఇంకాస్త సన్నం, పావు మిల్లీమీటరు అనుకుంటే ఖాళీ దాదాపు 1.6, 1.9 మిల్లీమీటర్లు. దోమను ఆపడానికి సుమారు 1.2 మిల్లీమీటర్లు హద్దుగా చెబుతారు. 18×16లో ఇరుకైన వైపు ఆ హద్దుకు లోపలే ఉంటుంది. నా జాలీలో రెండు వైపులూ దాటిపోయాయి. మెష్ అంకె ఒక్కటే అడిగి దారం మందం అడగకపోతే సగం సమాచారంతో కొన్నట్టేనని కూడా దీన్నిబట్టి తెలుస్తుంది.

ఫిర్యాదు చేయగా దుకాణదారు ఇచ్చిన సమాధానం వినడానికి బాగుంది: మంచం దోమతెరలకు చదరపు అంగుళానికి 156 రంధ్రాలు చాలునట, నా జాలీకి 14×12 లెక్కన 168 ఉన్నాయట, కనుక ఇదే మెరుగట! 156 అనే అంకె దోమతెరల విషయంలో వాడుకలో ఉన్నదే. కానీ అల్లిక దారంతో చేసిన మెత్తని తెరనూ, బిగువుగా లాగి కట్టిన సన్నదారపు జాలీనీ ఆ ఒక్క అంకెతో పోల్చడం కుదరదు. పైగా మందు కలిపిన దోమతెరలో రంధ్రంతో పాటు మందు కూడా పని చేస్తుంది. ఆ లెక్కే పట్టుకుంటే 18×16కు 288 రావాలి.

ఇక సరుకు సంగతి. మిగిలిన ముక్కలోంచి ఒక దారం లాగి, పట్టుకారుతో పట్టుకొని, ఆరుబయట పొగ పీల్చకుండా నిప్పు చూపించాను. నిజమైన ఫైబర్ గ్లాస్ అయితే పైనున్న పీవీసీ పూత మాత్రం కాలి, లోపలి గాజు పోగు మిగలాలి. నాది మొత్తం కరిగి చిన్న పూసలా ముడుచుకుంది, అంటే ఒట్టి ప్లాస్టిక్ దారం. నిప్పు అవసరం లేని పరీక్ష మరొకటి ఉంది: రెండు దారాలు కలిసే చోట గోటితో పక్కకు నెట్టండి. మంచి ఫైబర్ గ్లాస్‌లో పూత ఆ కూడళ్ల వద్ద అతుక్కుని ఉంటుంది కనుక దారం తేలికగా జరగదు. నా జాలీలో దారాలు జరిగి, చీమతల పట్టే రంధ్రం కాస్తా పెసరగింజ పట్టేంత అయింది. తుడిచినప్పుడల్లా ఇదే జరుగుతుంది.

మార్చి ఇమ్మంటే, బదులుగా 30 మెష్, అంటే రెండు వైపులా అంగుళానికి 30 రంధ్రాలుండే జాలీ, ఇస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. 0.2 మిల్లీమీటర్ల దారంతో దాని ఖాళీ 0.65 దగ్గర ఉంటుంది. మరీ చిన్న పురుగుల బాధ ఉన్నచోట అది అవసరమే కానీ, దోమల కోసమే అయితే గాలిని అనవసరంగా తగ్గించుకోవడమే. దుమ్ము కూడా త్వరగా పూడుకుంటుంది.

చివరికి బిల్లు మీద కేవలం 'దోమల జాలీ' అని ఉండటంతో నా వాదన నిలవలేదు. కనుక రెండు వైపుల మెష్ అంకెలు, దారం మందం, సరుకు పేరు బిల్లులో రాయించుకోండి. నమూనా ముక్కను తిరిగి ఇవ్వకుండా మీ దగ్గరే ఉంచుకొని, చుట్ట విప్పగానే, కత్తెర పెట్టకముందే, దాని పక్కన పెట్టి లెక్కించండి.