బాక్స్ మీద 14 రోజుల బ్యాటరీ అని ఉంటే కింద చిన్న అక్షరాలు కూడా చదవండి

నడక, నిద్ర లెక్క చూసుకుందామని ఫిట్‌నెస్ బ్యాండో స్మార్ట్‌వాచో కొనబోతున్నవాళ్లు ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి. నేను మోసపోయాను, అది తెలిసేసరికి వాపసు గడువు కూడా దాటిపోయింది.

నేను కొన్న బ్యాండ్ బాక్స్ మీద రెండు మాటలు పెద్దగా ఉన్నాయి: 14 రోజుల బ్యాటరీ ఒకటి, రోజంతా గుండె వేగం, నిద్ర దశల ట్రాకింగ్ ఇంకోటి. రెండూ విడివిడిగా నిజమే. కానీ రెండూ ఒకేసారి దొరకవు, ఆ విషయం మాత్రం ఎక్కడా కనిపించేలా చెప్పలేదు.

మొదటి వారం బ్యాటరీ నిజంగానే బాగా వచ్చింది, ఏడు రోజులకి సగమే అయింది, నేనూ సంతోషించాను. పొద్దున లేవగానే యాప్‌లో గాఢనిద్ర, తేలికనిద్ర, కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్ర అని రంగురంగుల గ్రాఫ్ వచ్చేది, చూసి మురిసిపోయాను. తర్వాత ఒక రాత్రి మా అమ్మకి జ్వరం వచ్చింది. ఆవిడ మంచం పక్కనే కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని రాత్రి రెండింటి దాకా కూర్చున్నాను, ఒక్క నిమిషం కూడా కన్ను మూయలేదు, తడిగుడ్డ మార్చడానికి మాత్రం అప్పుడప్పుడూ లేచాను. పొద్దున యాప్ తెరిస్తే 11:20కి నిద్రపోయానని ఉంది. అందులో ఒంటిగంట లోపే గంటా పది నిమిషాలు గాఢనిద్ర! మేలుకుని థర్మామీటర్ చూస్తున్న సమయమది.

అప్పుడు సెట్టింగుల్లోకి వెళ్లి చూశాను. గుండె వేగం కొలిచే విరామం 30 నిమిషాలు. మెరుగైన నిద్ర ట్రాకింగ్ ఆఫ్. ఆక్సిజన్ కొలత ఆఫ్. చెయ్యి ఎత్తితే స్క్రీన్ వెలగడం కూడా ఆఫ్. ఇవన్నీ కంపెనీ పెట్టి పంపిన సెట్టింగులే, నేను ఏదీ ముట్టుకోలేదు.

దీని వెనక సంగతి చెప్తాను. బ్యాండ్ అడుగున వెలిగే ఆకుపచ్చ లైటు చర్మంలోకి వెళ్తుంది, రక్తం ఆ వెలుగును పీల్చుకుంటుంది, గుండె కొట్టుకున్న ప్రతిసారీ అక్కడ రక్తం పెరిగి తగ్గుతుంది కాబట్టి వెనక్కి వచ్చే వెలుగు కూడా మారుతుంది. ఆ మార్పుల్ని లెక్కపెట్టడమే పల్స్ కొలవడం. కదలికను పట్టే యాక్సిలరోమీటర్ చాలా తక్కువ కరెంటు తీసుకుంటుంది, దాన్ని రోజంతా నడిపినా పెద్ద ఖర్చు లేదు. ఆ లైటు మాత్రం మళ్లీ మళ్లీ వెలగాలంటే బ్యాటరీ తింటుంది. అందుకే 30 నిమిషాలకొకసారి అని పెడతారు, అంటే రోజుకి 48 సార్లు. నిమిషానికొకసారి పెడితే 1,440 సార్లు. 14 రోజులు ఎక్కడి నుంచి వచ్చాయో ఇప్పుడు అర్థమైంది కదా.

నిద్ర విషయంలో ఈ తేడా ఇంకా పెద్దది. అసలు నిద్ర దశలు కచ్చితంగా తెలియాలంటే ల్యాబులో తలకి వైర్లు పెట్టి మెదడు తరంగాలు చూడాలి. బ్యాండు వాటిని చూడలేదు, కదలికా పల్సూ కలిపి అంచనా వేస్తుంది. రెమ్ అంచనాకి గుండె ఒకసారి కొట్టుకోవడానికీ మళ్లీ కొట్టుకోవడానికీ మధ్య సమయం ఎలా మారుతుందో తెలియాలి, ఏడు గంటల్లో 14 రీడింగులు తీసుకుంటే అది ఎలా తెలుస్తుంది? కాబట్టి నాకు చూపించిన రంగుల గ్రాఫ్ దాదాపు అంతా కదలిక మీద వేసిన ఊహే. కదలకుండా పడుకున్నా, కూర్చున్నా, పుస్తకం చదువుతున్నా దానికి నిద్రే. మంచివాటిలో కూడా మెలకువని నిద్రగా లెక్కేసే గుణం కొంత ఉంటుంది, ఇక ఇలా దాదాపు పల్స్ లేకుండా నడిపితే చెప్పక్కర్లేదు.

సరే అని అన్నీ ఆన్ చేశాను. ఆదివారం రాత్రి 100 శాతం ఛార్జ్, బుధవారం మధ్యాహ్నానికి 6 శాతం. మూడు రోజులు కూడా రాలేదు! కస్టమర్ కేర్‌కి రాస్తే, 14 రోజులు అనేది సాధారణ వాడకంలో అని జవాబు. ఆ సాధారణ వాడకం అంటే ఏమిటో బాక్స్ అడుగున ఒక లైనులో ఉంది, నిద్ర ట్రాకింగ్ లేకుండా అని అందులోనే రాసి ఉంది. నిద్ర కోసమే కొన్న మనిషికి ఇది ముందే కనిపించేలా చెప్పాలి కదా. మూడు రోజులు వచ్చే బ్యాండు తప్పేం కాదు, మూడు రోజులని చెప్పి అమ్మితే నేనే ఒప్పుకుని కొనేవాణ్ని, స్నానానికి వెళ్లినప్పుడు ఛార్జింగ్‌లో పెట్టుకునేవాణ్ని.

నడకలో కూడా ఒకటి పట్టుకున్నాను, ఇది మీరూ చేసి చూడొచ్చు. నోటితో లెక్కపెడుతూ 500 అడుగులు వేశాను. చెయ్యి ఊపుతూ నడిస్తే 488 చూపించింది, బాగుంది. బ్యాండ్ ఉన్న చేత్తో బరువైన సంచీ పట్టుకుని నడిస్తే 310. చెయ్యి ఊగకపోతే దానికి అడుగు తెలియడం కష్టం, ఇది మణికట్టు బ్యాండ్లన్నిటికీ ఎంతో కొంత ఉండే పరిమితే కాబట్టి దీనికి నేను కంపెనీని తప్పుపట్టను. తప్పుపట్టేది పల్స్ విషయంలో. వేగంగా నడుస్తుంటే గుండె వేగం 116 చూపించింది. ఆగి వెంటనే మెడ దగ్గర వేళ్లు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టాను, 24 వచ్చింది, అంటే నిమిషానికి 96. ఆగగానే పల్స్ కొంచెం తగ్గుతుంది, నిజమే, కానీ వెంటనే అంత తేడా సాధారణంగా ఉండదు. అనుమానం వచ్చి అదే వేగంతో ఇంకోసారి నడిచి అడుగులు లెక్కపెట్టాను, నిమిషానికి 115, 116. అంటే సెన్సర్ గుండె లయని వదిలేసి అడుగుల లయని పట్టుకుంది. చెయ్యి ఊపినప్పుడు రక్తమూ బ్యాండూ కలిసి కదులుతాయి, బ్యాండ్ వదులుగా ఉంటే ఇది ఇంకా ఎక్కువ. మణికట్టు ఎముకకి ఒకటి రెండు వేళ్లు పైకి జరిపి కొంచెం బిగించాక నాకు తేడా తగ్గింది, పూర్తిగా పోలేదు.

కాబట్టి కొనే ముందు బ్యాటరీ రోజుల సంఖ్య చూడకండి, నిరంతర గుండె వేగం, నిద్ర ట్రాకింగ్ రెండూ ఆన్‌లో ఉంటే ఎన్ని రోజులు అని అడగండి. జవాబు రాకపోతే ఆ మోడల్ వదిలేయండి. కొన్నాక వాపసు గడువు లోపలే మొదటి రాత్రి నుంచే అన్నీ ఆన్ చేసి చూడండి. చీకట్లో బ్యాండ్ కొంచెం ఎత్తి పట్టుకుంటే ఆకుపచ్చ లైటు ఎంతసేపటికి వెలుగుతోందో కళ్లారా కనిపిస్తుంది, అన్నీ ఆన్‌లో ఉంటే ఒక ఐదు నిమిషాలు ఓపికపడితే చాలు. ఒక రాత్రి పడుకునే ముందు గంటసేపు మంచంలో కదలకుండా మెలకువగా ఉండండి, పొద్దున ఆ గంట నిద్రలో కలిసిందో లేదో చూసుకోండి.

ఫోన్ ఎప్పుడూ జేబులో పెట్టుకుని నడిచేవాళ్లయితే లోపల జీపీఎస్ ఉన్నది కొనక్కర్లేదు, ఫోన్ జీపీఎస్ వాడుకునే బ్యాండు చాలు, బ్యాటరీ కూడా మిగులుతుంది. ఫోన్ ఇంట్లో వదిలి వెళ్లేవాళ్లకే అది అవసరం.

నాది ఇప్పుడు అన్నీ ఆన్‌లోనే ఉంది, మూడో రోజు ఛార్జ్ చేస్తున్నాను. రాత్రి ఎన్నింటికి పడుకున్నాను, ఎన్నింటికి లేచాను అనేంతవరకే నమ్ముతున్నాను, గాఢనిద్ర, రెమ్ ఉన్న పేజీ అసలు తెరవడం మానేశాను. ఎవరైనా వేరే మోడల్‌లో అన్నీ ఆన్ పెట్టి ఐదు రోజులు దాటించి ఉంటే, గుండె వేగం కొలిచే విరామం ఎంత పెట్టారో కూడా చెప్పండి, మా అమ్మకి ఒకటి కొనాలి.