అద్దె లెక్కకి నెలవారీ పట్టికా, పద్దుల వరసా: ఏది మేలు?

నాలుగైదు ఫ్లాట్లు అద్దెకిచ్చినవాళ్లు లెక్క మొదలుపెట్టేది సాధారణంగా ఒకే తీరులో. ఫ్లాటుకో వరస, నెలకో నాలుగు గడులు: రావాల్సింది, వచ్చింది, బాకీ, అడ్వాన్స్. రెండో పద్ధతి పాత చిట్టా పుస్తకం లాంటిది. ఏది జరిగినా ఆ తేదీతో ఒక పద్దు రాయడం, అంతే. అందులో బాకీ అనే గడే ఉండదు. నేను చాలాకాలం మొదటిదే వాడి, తర్వాత రెండోదానికి మారాను.

301 నంబరు ఫ్లాట్ లెక్క చూద్దాం. అద్దె 10,000. జనవరిలో 6,000 ఇచ్చారు, ఫిబ్రవరిలో 15,000, మార్చిలో 10,000. నెలవారీ పట్టికలో జనవరి బాకీ 4,000 అని పడుతుంది. ఫిబ్రవరిలో ‘రావాల్సింది’ గడిలో ఏం రాయాలి? 10,000 రాస్తే పాత బాకీ ఆ నెల కనిపించదు. పాతది కలిపి 14,000 రాస్తే ఫిబ్రవరి లెక్క సరిగ్గా తేలుతుంది, వెయ్యి అడ్వాన్స్ మిగులుతుంది. కానీ మూడు నెలల రావాల్సినవి కూడితే 34,000 వస్తుంది, నిజంగా రావాల్సింది 30,000. ఆ 4,000 రెండుసార్లు పడింది. బాకీ గడులు కూడినా అదే తంటా: తీరిపోయిన జనవరి బాకీ ఇంకా అక్కడే కూర్చుని ఉంటుంది.

పద్దుల వరసలో ఇదే లెక్క ఆరు పద్దులు. మూడు ‘అద్దె’ పద్దులు, మూడు ‘చెల్లింపు’ పద్దులు. అద్దెలు 30,000, వచ్చినవి 31,000. తేడా మైనస్ వెయ్యి, అంటే అడ్వాన్స్. బాకీ, అడ్వాన్స్ అనేవి రెండు లెక్కలు కావు, ఒకే తేడాకి రెండు పేర్లు. ప్లస్ అయితే బాకీ, మైనస్ అయితే అడ్వాన్స్. స్ప్రెడ్‌షీట్ ఫైల్లో Entries అనే షీట్‌లో A తేదీ, B ఫ్లాట్, C వివరం, D రావాల్సింది, E వచ్చింది అనుకుంటే, మరో షీట్‌లో A2లో ఫ్లాట్ పేరు పెట్టి పక్కన ఇది రాస్తే చాలు:

```
=SUMIFS(Entries!D:D,Entries!B:B,A2)-SUMIFS(Entries!E:E,Entries!B:B,A2)
```

ఏప్రిల్లో 301 వాళ్లు వచ్చి, జనవరి 28న ఇంకో 2,000 పంపామని రుజువు చూపించారనుకోండి. ఇక్కడ ఆ తేదీతో ఒక పద్దు చేరిస్తే అడ్వాన్స్ 3,000 అవుతుంది. నెలవారీ పట్టికలో జనవరి గడి చెరిపి, ఫిబ్రవరి, మార్చి కూడా దిద్దాలి. ఫార్ములాలు గొలుసుగా పెట్టుంటే వాటంతట అవే మారతాయి, నిజమే. కానీ మధ్యలో ఎక్కడో ఒకచోట మనం చేత్తో అంకె కొట్టేసి ఉంటాం, గొలుసు అక్కడ తెగుతుంది.

అడ్వాన్స్ అనే మాటతోనే ఇంకో చిక్కుంది. ఇంట్లో దిగేటప్పుడు తీసుకునే డిపాజిట్‌నీ అడ్వాన్సే అంటాం, ఎక్కువగా కట్టిన అద్దెనీ అడ్వాన్సే అంటాం. 20,000 డిపాజిట్‌ని ‘వచ్చింది’లో వేస్తే, రెండు నెలలు అద్దె రాకపోయినా బాకీ సున్నా అనే చూపిస్తుంది. డిపాజిట్ మనం తిరిగి ఇవ్వాల్సిన సొమ్ము. దానికి వేరే షీట్ ఉండాలి. ఖాళీ చేసేటప్పుడు అందులోంచి బాకీ పట్టుకుంటే, ఆ రోజున డిపాజిట్ షీట్‌లో తగ్గించి, ఇక్కడ అంతే చెల్లింపుగా రాయాలి.

పద్దుల పద్ధతికీ లోపాలున్నాయి. ఒకటో తారీఖున అన్ని ఫ్లాట్ల అద్దె పద్దులూ వేయడం మర్చిపోతే, డబ్బు కట్టినవాళ్లందరూ అడ్వాన్స్‌లో కనిపిస్తారు. అందరూ ఒక్కసారిగా మంచివాళ్లైపోతే అనుమానించాల్సిందే. రెండోది, ఫ్లాట్ గడిలో రాసే 301-A లాంటి పేరు చివర పొరపాటున స్పేస్ పడితే ఆ పద్దు లెక్కలోకి రాదు. D మొత్తంలోంచి E మొత్తం తీసేస్తే వచ్చేదీ, ఫ్లాట్లవారీ తేడాల మొత్తమూ ఒకటే కావాలి. కాకపోతే పేరు ఎక్కడో తప్పింది. ఆ A ఎందుకంటే, అద్దెకున్నవాళ్లు మారాక కొత్తవాళ్లకి 301-B పెట్టాలి. లేకపోతే పాతవాళ్ల బాకీ కొత్తవాళ్ల నెత్తిన పడుతుంది.

రెండు మూడు ఫ్లాట్లే అయితే కాగితం పుస్తకంలో ఒక్కోదానికి ఒక్కో పేజీ చాలు, అదీ పద్దుల పద్ధతే. నెలవారీ పట్టిక ఒక్క పనికి మాత్రం బాగుంటుంది: ఈ నెల ఎవరివ్వలేదో ఒక్క చూపులో తెలుస్తుంది. దాన్ని నేను ఇప్పటికీ ఉంచుకున్నాను, కాకపోతే పద్దుల్లోంచి ఫార్ములాతో వచ్చే పట్టికగా. అందులో చేత్తో ఒక్క అంకె కూడా కొట్టను.