రాయగడ–కొరాపుట్ దారిలో పేరు పలికే ఫోన్: చాలాకాలం వాడిన తర్వాత

రాయగడ నుంచి కొరాపుట్‌కూ, సుంకి ఘాట్ మీదుగా సాలూరుకూ సరుకుల వ్యాను నడుపుతాను కాబట్టి, వచ్చిన కాల్ ఎవరిదో తెర చూడకుండా తెలుసుకోవడం నాకు రోజువారీ అవసరం. ఘాట్ మలుపుల్లో చూపు తిప్పే వీలు ఉండదు. గూగుల్ ఫోన్ యాప్ సెట్టింగుల్లో ఉండే Caller ID announcement అనే సదుపాయాన్ని అందుకే మొదలుపెట్టి, చాలాకాలంగా వాడుతున్నాను. అందులో Always, Only when using a headset, Never అనే మూడు ఎంపికలు ఉంటాయి. ఆన్ చేయడం చిటికెలో పని. పలికిన పేరు అర్థమయ్యేలా చేయడమే అసలు శ్రమ.

పేరును చదివేది ఫోన్‌లోని టెక్స్ట్-టు-స్పీచ్ గొంతు. ఆ గొంతు ఏ భాషది, పేరు ఏ లిపిలో సేవ్ అయి ఉంది అనే రెండింటి మీదే ఫలితమంతా ఆధారపడుతుంది. గొంతు ఇంగ్లీషుదై ఉన్నప్పుడు నా ఫోన్‌లో తెలుగు లిపిలోని పేర్లు పలకలేదు, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న మన పేర్లు గుర్తుపట్టలేనంతగా వంకర తిరిగాయి. సెట్టింగుల్లో Text-to-speech output తెరిచి భాషను తెలుగుకు మార్చి, తెలుగు వాయిస్ డేటాను ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకున్నాక చాలా వరకు దారికొచ్చింది. ఈ డౌన్‌లోడ్‌ను ఇంట్లో ఉండగానే ముగించడం మంచిది, ఎందుకంటే ఘాట్‌లో కాల్ వచ్చేంత సిగ్నల్ ఉన్నా డేటా అందని చోట్లు ఉన్నాయి. వేగాన్ని మామూలు కంటే కొంచెం తగ్గించుకుంటే డీజిల్ ఇంజిన్ మోతలో కూడా పేరు విడివిడిగా వినిపిస్తుంది.

ఆ తర్వాత పేర్ల సంగతి. కొరాపుట్‌లో మా సరుకు దించుకునే గోడౌన్ యజమాని పేరు నా ఫోన్‌లో Sahu Babu Gdwn Krpt అని ఉండేది. చివరి రెండు ముక్కల్లో అచ్చులు లేకపోవడంతో గొంతు వాటిని ఒక్కో అక్షరంగా చదివేది. అది పూర్తయ్యేలోగా కాల్ సగం మోగిపోయేది. ‘సాహు బాబు గోడౌన్ కొరాపుట్’ అని తెలుగులో రాస్తే ఉచ్చారణ చక్కబడింది, కానీ రాయగడలోనూ సాహులు ఉన్నారు కాబట్టి ఊరు వినిపించే దాకా ఎవరో తేలేది కాదు. చివరికి ‘కొరాపుట్ సాహు’, ‘రాయగడ సాహు’ అని తేడా తెలిపే మాటను ముందుకు తెచ్చాను. రెండు మాటలకు మించి రాయకపోవడం, పొడి అక్షరాలు వాడకపోవడం ఇప్పుడు నా పద్ధతి. ఒడియా లిపిలో ఎవరైనా పంపిన కాంటాక్టును అలాగే సేవ్ చేస్తే తెలుగు గొంతు దాన్ని చదవలేదు, దాన్నీ తెలుగులో తిరగరాయాల్సిందే. దీనికి చెల్లించిన మూల్యం ఒకటుంది: మా క్లీనర్ ఒడియా కుర్రాడు, తెలుగు చదవలేడు, కాబట్టి నా ఫోన్‌లో ఎవరి నంబరైనా వెతకమంటే పాపం తికమకపడతాడు.

బండి స్టీరియోతో బ్లూటూత్ కలిపితే కథ మారుతుంది, నన్ను ఎక్కువగా విసిగించింది కూడా అదే. కాల్ వచ్చినప్పుడు ఫోన్ స్టీరియోకు పంపేది ప్రధానంగా నంబరే; పేరు కావాలంటే కాంటాక్టులు చూసే అనుమతి ఇవ్వాలి, అప్పుడు స్టీరియో పేర్ల నకలు తీసుకుని నంబరుతో సరిపోల్చుకుంటుంది. నా స్టీరియోలో తెలుగు ఫాంట్ లేనందున తెర మీద వరుసగా డబ్బాలు కనిపిస్తాయి. పైగా దానికి సొంత గొంతు ఒకటుంది, అది ఇంగ్లీషులో అంకెలు చదువుతుంది. అంకెలు విని మనిషిని పోల్చుకోవడం ఎవరి తరం? పాటలు పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తున్నప్పుడైతే ఫోన్ పలికే పేరు స్పీకర్లకు చేరనే చేరదు.

ఇలాంటి గందరగోళంలో తప్పు ఎవరిదో తేల్చుకోవడానికి బండి ఆపి ఉన్నప్పుడు ఒక పని చేయవచ్చు. బ్లూటూత్ తీసేసి, ఫోన్‌లో సేవ్ అయి ఉన్న ఒకరితో కాల్ చేయించుకోవాలి. అప్పుడు పేరు సరిగ్గా వినిపించి, బ్లూటూత్ కలిపాక అంకెలే వినిపిస్తే మాట్లాడుతున్నది స్టీరియో. బ్లూటూత్ లేకుండానే పేరు తప్పుగా వస్తే గొంతు భాషో, పేరు రాసిన తీరో సరిచేయాలి. నేను స్టీరియోలోని గొంతును ఆపేసి, ఫోన్‌లో Always ఎంచుకుని, బ్లూటూత్ లేకుండా ఫోన్‌ను డ్యాష్‌బోర్డు స్టాండులో పెట్టి దాని స్పీకర్ మీదే ఆధారపడుతున్నాను.

ఈ ఎంపికలో రెండు ఇబ్బందులు మిగిలే ఉన్నాయి. ఫోన్ సైలెంట్‌లో ఉంటే పేరూ వినిపించదు. లోడింగ్ దగ్గర సైలెంట్ చేసి మరిచిపోతే దారంతా మౌనమే. రెండోది, పక్కన కూర్చున్న పార్టీ మనిషికి కూడా ప్రతి పేరూ వినిపిస్తుంది. ఫైనాన్స్ వాళ్ల నంబరును అందుకే ‘ఆఫీసు’ అని మార్చుకున్నాను.