రెండేళ్లుగా వాడుతున్న /task కమాండ్: జవాబులో ఏముండాలి

విజయనగరంలోని మా చిన్న సాఫ్ట్‌వేర్ కార్యాలయంలో పనుల పట్టిక ఒకచోట, మాటలన్నీ స్లాక్ అనే చాట్ యాప్‌లో జరుగుతాయి. రైసుమిల్లులకు బిల్లింగ్ ప్రోగ్రాములు అమర్చడానికి బొబ్బిలి, పార్వతీపురం వెళ్లేవారు ఫోనులోనే పని వివరం చూసుకోవాలని రెండేళ్ల క్రితం ఈ కమాండ్ రాసుకున్నాము. పని సంఖ్య ఇస్తే చాలు, జవాబు వస్తుంది. మొదట్లో అది ఇలా ఉండేది.

```
/task 214
214: జరుగుతోంది | ఫీల్డ్ టీమ్ | 14/10
```

ఈ ఒక్క వరుసలో మూడు లోపాలున్నాయని అక్టోబరు 13న తెలిసింది. బొబ్బిలి మిల్లు యజమాని ఫోన్ చేసినప్పుడు, పని నడుస్తూనే ఉందని ఈ జవాబు చూసి చెప్పాను. నిజానికి ఆ స్థితిని అక్టోబరు 3న ఎవరో మార్చారు. ఆ తర్వాత పది రోజులుగా ఎవరూ ముట్టుకోలేదు. బాధ్యుల చోట బృందం పేరు ఉండడం వల్ల, పక్కవారు చూసుకుంటున్నారని ప్రతి ఒక్కరూ అనుకున్నారు. అందుకే ఇప్పుడు స్థితి పక్కనే అది చివరిసారి ఎప్పుడు మారిందో, ఎవరు మార్చారో వస్తుంది; బాధ్యులుగా ఒకే మనిషి పేరు ఉంటుంది, ఎవరూ లేకపోతే "ఎవరికీ అప్పగించలేదు" అని స్పష్టంగా కనిపిస్తుంది. నా అనుభవంలో స్థితి కంటే, అది మారిన తేదీయే ఎక్కువ సమాచారం ఇస్తుంది.

మూడో లోపానికి కారణం కనిపెట్టడానికి ఎక్కువ సమయం పట్టింది. పట్టికలో గడువు 15 అని ఉంటే, జవాబులో 14 అని వచ్చేది. మేము గడువును ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రి 12 గంటలుగా దాచాము; మన సమయం ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది కనుక, యూటీసీలో అది ముందురోజు సాయంత్రం 6:30 అవుతుంది, కమాండ్ ఆ తేదీనే చూపించేది. ఉదయం 5:30 తర్వాతి వేళతో నమోదైన గడువులు సరిగానే వచ్చేవి. కొన్ని తేదీలు మాత్రమే, అదీ సరిగ్గా ఒక్కరోజే వెనక్కి జరిగితే ఈ కారణాన్నే ముందుగా అనుమానించాలి. వేళ అవసరం లేని గడువును ఇప్పుడు కేవలం తేదీగానే దాచి, "అక్టోబరు 15, బుధవారం, ఇంకా 2 రోజులు" అని వారంతో సహా చూపిస్తున్నాము.

స్లాక్ ఇలాంటి కమాండ్‌కు మూడు సెకన్లలోపు స్పందన కోరుతుంది. పట్టిక ఆలస్యం చేసినప్పుడు పొరపాటు సందేశం రాకుండా, ముందు "వెతుకుతున్నాము" అని పంపి, అసలు జవాబును తర్వాత పంపుతున్నాము. మామూలుగా జవాబు అడిగినవారికి మాత్రమే కనిపిస్తుంది, దాన్ని అలాగే ఉంచాము. మిల్లు పని గురించి నలుగురూ చర్చించే చానల్‌లో మాత్రం అందరికీ కనిపించేలా మార్చడంతో అదే ప్రశ్న మళ్లీ మళ్లీ రావడం ఆగింది.