వెయిటింగ్ లిస్ట్‌లో నంబర్ కంటే ముందు అక్షరాలు చూడండి

వరంగల్, కాజీపేట స్టేషన్ల నుంచి కొన్నేళ్లుగా వెయిటింగ్ టికెట్ల మీద తిరుగుతున్నాను. మా చుట్టాల టికెట్లు కూడా ఎక్కువగా నేనే తీస్తాను. టికెట్ యాప్‌లు చూపించే కన్ఫర్మ్ శాతాన్ని, పీఎన్ఆర్ స్టేటస్‌ను పక్కపక్కన పెట్టి చూస్తూ వచ్చాను. శాతం ఒక్కదాన్నే నమ్ముకుని ప్రయాణం ఖాయం చేసుకోవద్దన్నది నా అభిప్రాయం. స్టేటస్ చదవడం వస్తే, అవుతుందా కాదా అన్నది చాలావరకు మనమే చెప్పుకోవచ్చు.

సీట్ల దగ్గర `GNWL41/WL29` అని కనిపించిందనుకోండి. `GNWL` అంటే జనరల్ వెయిటింగ్. ఇప్పుడు తీసుకునే టికెట్‌కు వెయిటింగ్‌లో 41వ నంబర్ పడుతుంది, కానీ మన ముందు ఇంకా నిలబడి ఉన్నది 28 మందే. అంటే 12 స్థానాలు అప్పటికే ఖాళీ అయ్యాయి. వాళ్లలో కొందరికి సీటు వచ్చి ఉంటుంది, కొందరు విసుగొచ్చి రద్దు చేసుకుని ఉంటారు. ఎలా పోయినా లైన్ ముందుకు జరిగినట్టే. కాబట్టి మొదటి నంబర్‌తో మనకు పెద్దగా పనిలేదు, రెండోది ఎంత వేగంగా తగ్గుతోందన్నదే చూడాలి.

మా అత్తమ్మ, మామయ్య తిరుపతి వెళ్లాలంటే స్లీపర్‌లో సరిగ్గా ఇలాంటి టికెటే దొరికింది: 29, 30. ప్రయాణానికి ఇంకా 20 రోజులుంది. వారం గడిచాక 22, 23 అయింది. నాలుగు రోజులు మిగిలేసరికి 13, 14. "అయితదా బిడ్డా?" అని అత్తమ్మ రోజూ ఫోన్ చేసేది. అప్పటిదాకా రోజుకు ఒకటి చొప్పున తగ్గింది కదా, అదే లెక్కన పోతే 9 దగ్గర ఆగాలి. అయినా "అవుతుంది, కనీసం RAC, అంటే కూర్చుని వెళ్లే సీటయినా వస్తుంది" అని చెప్పాను. ఎందుకంటే చివరి రోజుల్లో తగ్గే వేగం వేరు. బయలుదేరే సమయం దగ్గరపడే కొద్దీ కన్ఫర్మ్ టికెట్ రద్దు చేస్తే కోత పెరుగుతుంది. అందుకే వెళ్లాలా వద్దా అని ఊగిసలాడేవాళ్లు, రెండు బండ్లలో తీసి పెట్టుకున్నవాళ్లు అప్పుడే తేల్చుకుంటారు. ముందురోజు సాయంత్రానికి 5, 6కి వచ్చింది. చార్ట్ పడ్డాక ఇద్దరికీ RAC, ఒకే సైడ్ లోయర్. అత్యవసర కోటాలో, తత్కాల్‌లో మిగిలిపోయిన బెర్తులు చార్ట్ వేసేటప్పుడే వెయిటింగ్ వాళ్లకు వస్తాయి. చివర్లో నంబర్ ఒక్కసారిగా దూకేది అందుకే.

అదే రోజుల్లో వరంగల్ నుంచి ఢిల్లీకి సెకండ్ ఏసీలో నా టికెట్ `RLWL` 4. 29 కంటే 4 మంచిది కదా అనిపిస్తుంది, కానీ పెద్దగా కదలలేదు. చార్ట్ పడ్డాక కూడా 2 దగ్గరే ఉంది, టికెట్ దానంతటదే రద్దయింది. `RLWL` అంటే బండి దారిలోని స్టేషన్లకు పెట్టిన చిన్న కోటా మీద వెయిటింగ్. ఆ కొద్ది బెర్తుల్లోంచి ఎవరైనా మానుకుంటేనే జరుగుతుంది. `GNWL` వెనక బండిలోని పెద్ద కోటా ఉంటుంది. `PQWL` కూడా చిన్న కోటాదే. `TQWL`, అంటే తత్కాల్ వెయిటింగ్, అన్నిటికంటే కష్టం. దానికి RAC ఉండదు, చార్ట్‌లో జనరల్ వెయిటింగ్ వాళ్ల తర్వాతే దాని వంతు.

తరగతిని కూడా కలిపి చూడాలి. కొత్త ఎల్‌హెచ్‌బీ స్లీపర్ బోగీలో 80 బెర్తులుంటాయి, సెకండ్ ఏసీలో సుమారు 52. ఒక బండికి 7 స్లీపర్ బోగీలుంటే 560 బెర్తులు, అందులో 10 మంది మానుకోవడం మామూలే. రెండు సెకండ్ ఏసీ బోగీల్లోని 104 మందిలో 10 మంది మానుకోవాలంటే దాదాపు పదో వంతు. కాబట్టి నంబర్‌ను బోగీల సంఖ్యతో పోల్చి చూసుకోవాలి. కోటాల వల్ల లెక్క కచ్చితంగా ఉండదు కానీ, ఆశ పెట్టుకోవాలా వద్దా అన్నది తెలిసిపోతుంది.

దసరాకు, సంక్రాంతికి ఈ లెక్కలేవీ పనిచేయవు. అప్పుడు ఎవరూ మానుకోరు. అదనపు బోగీ తగిలిస్తే మాత్రం నంబర్ ఒక్కసారిగా కిందికి దిగుతుంది. యాప్ శాతాలు నాకు ఎక్కువగా నిరాశ మిగిల్చింది కూడా పండగ రోజుల్లోనే.

ఒక మంచి మార్పు వచ్చింది. ఇంతకుముందు మొదటి చార్ట్ 4 గంటల ముందు పడేది, 2025 నుంచి ఇంకా ముందే వేయడం మొదలుపెట్టారు. ఈ సమయం మనం ఎక్కే స్టేషన్ లెక్క కాదు, మామూలుగా బండి మొదలయ్యే స్టేషన్ లెక్క. చెన్నై వైపు నుంచి వచ్చే ఢిల్లీ బండికి వరంగల్‌లో ఎక్కేవాళ్లకు ఇంకొన్ని గంటలు కలిసొస్తాయి. నా `RLWL` టికెట్ పోయిందని తెలిసేసరికి కాజీపేట మీదుగా వెళ్లే వేరే బండిలో చూసుకునే వ్యవధి దొరికింది. మర్నాటికి థర్డ్ ఏసీలో తీసుకుని వెళ్లాను.