సంతలో అడగాలా, సందుల్లో తిరగాలా? స్కూలు పిల్లల ఊరి సర్వేకి ఏది మేలు

తొమ్మిది, పది తరగతుల పిల్లల చేత సర్వే చేయించాలనుకునే సోషల్ టీచర్లకు సాధారణంగా మూడు దారులు కనిపిస్తాయి. ఫారాలు పిల్లలకే ఇచ్చి ఇంట్లో నింపించుకు రమ్మనడం ఒకటి. బస్టాండు దగ్గరో కూరగాయల మార్కెట్లోనో నిలబడి వచ్చేపోయేవాళ్లను అడగడం రెండోది. వార్డుల్లో ఒక లెక్క ప్రకారం ఇళ్లు ఎంచుకుని తలుపు తట్టడం మూడోది.

మొదటిదాన్ని త్వరగా పక్కన పెట్టేయొచ్చు. బడికెళ్లే పిల్లలున్న ఇళ్లు, అందులోనూ మన బడికే వచ్చే పిల్లల ఇళ్లు మాత్రమే లెక్కలోకి వస్తాయి. ఒంటరి ముసలివాళ్లు, కొత్తగా పెళ్లయినవాళ్లు, అద్దె గదుల్లో ఉండే కూలీలు అసలు కనబడరు. అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే.

ఒక ఊరిని ఊహించుకుందాం. ఇరవై వార్డులు, సుమారు 4000 ఇళ్లు. తెలుసుకోవాల్సింది మున్సిపాలిటీ కుళాయి నీళ్ల సంగతి. నలభై మంది పిల్లలు, ఇద్దరిద్దరు చొప్పున ఇరవై జట్లు, వార్డుకో జట్టు.

మార్కెట్లో అయితే ఒక్క ఆదివారం పొద్దున్నే నూట ఇరవై ఫారాలు నిండిపోతాయి. పిల్లలకు హుషారు, మనకు సుఖం. కానీ ఆ నూట ఇరవై మందిలో చుట్టుపక్కల పల్లెల నుంచి కూరగాయలకొచ్చినవాళ్లు ఎందరో? మొదటి ప్రశ్నగా 'మీరు ఈ ఊళ్లోనే ఉంటారా' అని అడిగి వాళ్లను తీసేసినా అసలు లోటు తీరదు. కుళాయి వచ్చే వేళకు బిందెలు పట్టుకుని కూర్చున్న మనిషి ఆ వేళ మార్కెట్లో ఉండదు. నీళ్ల ఇబ్బంది ఎవరికి ఎక్కువో వాళ్లే సర్వేకి దొరకరు. ఫారాలు నూట ఇరవై కాదు, వెయ్యి నింపినా ఈ తప్పు తగ్గదు. ఎక్కువ మందిని అడిగినందువల్ల తగ్గేది యాదృచ్ఛికంగా వచ్చే తేడా మాత్రమే, ఒకవైపు ఒరిగిన తేడా కాదు.

ఇంటింటి పద్ధతిలో శ్రమ ఎక్కువే గానీ లెక్క సులువు. 4000 ఇళ్లలో సుమారు 120 కావాలంటే ప్రతి ముప్ఫైమూడో ఇల్లు. ఒకటి నుంచి ముప్ఫైమూడు దాకా చీటీలు రాసి, ప్రతి జట్టు చేతా ఒకటి తీయించాలి. ఒక జట్టుకు 14 వచ్చిందనుకోండి. రెండొందల ఇళ్ల వార్డయితే 14, 47, 80, 113, 146, 179వ ఇళ్లు వాళ్లవి. మూడొందల ఇళ్ల వార్డులో అదే లెక్కన తొమ్మిది పడతాయి. పడనివ్వాలి. పెద్ద వార్డుకు ఎక్కువ, చిన్న వార్డుకు తక్కువ పడితేనే ఊరి మొత్తానికి సరైన వాటా. అన్ని జట్లకూ సమానంగా పని ఉండాలని అందరికీ ఆరేసి ఇళ్లు పంచేస్తే చిన్న వార్డుల మాట పెద్దదైపోతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. కాలనీల్లో సందులన్నీ ఒకే కొలతలో ఉంటాయి. సందుకు పదకొండు ఇళ్లున్న చోట ముప్ఫైమూడు చొప్పున దాటుకుంటూ పోతే ఏమవుతుందో చూడండి. పద్నాలుగో ఇల్లు రెండో సందులో మూడోది. నలభైఏడోది అయిదో సందులో మూడోది. ఎనభయ్యోది కూడా మూడోదే. మెయిన్ పైపు సందు మొదట్లో ఉంటే మూడో ఇంటికి నీళ్లు బాగానే వస్తాయి. ధార సన్నబడేది చివరి ఇళ్లకు. ఆ చివరి ఇంటి తలుపు మన పిల్లలు ఒక్కసారీ తట్టరు. అంతా బాగుందని రిపోర్టు వస్తుంది. అందుకే ముందు రోజు వార్డులో ఒక చుట్టు తిరిగి సందుకు ఎన్నిళ్లో చూసుకోవాలి. ఊరంతటికీ ముప్ఫైమూడు బదులు ముప్ఫైఒకటి పెట్టుకుని, చీటీలూ ముప్ఫైఒకటి దాకానే రాస్తే మరో తొమ్మిదిళ్లు పెరుగుతాయి, ఈ బెడద పోతుంది: అదే పద్నాలుగుతో మొదలెడితే సందులో మూడు, ఒకటి, పది, ఎనిమిది, ఆరు, నాలుగో ఇళ్లు పడతాయి.

తాళం వేసిన ఇంటికి బదులు పక్కింట్లో అడిగేయడం పిల్లలందరికీ తట్టే ఉపాయం. ఒప్పుకోకూడదు. పగలు తాళం ఉండేది ఇద్దరూ పనికి వెళ్లే ఇళ్లకే, వాళ్ల నీళ్ల అవస్థ వేరు. సాయంత్రం ఒకసారి, ఆదివారం ఒకసారి మళ్లీ వెళ్లాలి. అప్పటికీ దొరక్కపోతే 'తాళం' అని రాసి, అలాంటివి ఎన్నో రిపోర్టులో చెప్పాలి.

ఇక ప్రశ్నలు. పిల్లలు రాసుకొచ్చే మొదటి ప్రశ్న దాదాపు ఇలా ఉంటుంది: 'మీకు నీళ్లు శుభ్రంగా, సమయానికి వస్తున్నాయా?' రెండు సంగతులు ఒకే ప్రశ్నలో. సమయానికొచ్చే మురికి నీళ్లకు అవునంటారా, కాదంటారా? విడదీసినా 'సరిగా వస్తున్నాయా' అన్నది కొలత కాదు. రోజు విడిచి రోజు నీళ్లు చూసి అలవాటైనవాళ్లు సరిగానే అంటారు, రోజూ వచ్చేచోట ఒక పూట ఆగితే రావడం లేదంటారు. దానికంటే 'ఆఖరుసారి కుళాయి ఏ రోజు వచ్చింది? ఎంతసేపు? ఎన్ని బిందెలు పట్టారు?' అని అడగడం మేలు. అడిగేది కూడా నీళ్లు పట్టే మనిషినే. వసారాలో కూర్చున్న పెద్దాయనకు బిందెల లెక్క తెలియదు.

జవాబులు ముందే రాసి టిక్కు పెట్టించాలా, చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలా? పిల్లల సర్వేకి టిక్కులే నయం, నూట ఇరవై కథల్ని కూడేవాళ్లెవరు? అయితే ఆ జవాబుల జాబితా మన ఊహలోంచి రాకూడదు. మార్కెట్ పనికొచ్చేది ఇక్కడే. పదిపదిహేను మందిని అక్కడ ఊరికే కదిపితే, తాగడానికి క్యాన్ నీళ్లు, వాడకానికి కుళాయి అని రెండు వేర్వేరని తేలుతుంది. అప్పుడు తాగే నీళ్లకు ఒక ప్రశ్న, వాడే నీళ్లకు ఒక ప్రశ్న పెడతాం. రెండింటి కిందా కుళాయి, బోరు, క్యాన్, ట్యాంకర్, వీధి కుళాయి, ఇతరం.

మోటారు ప్రశ్న మాత్రం ఆఖర్న ఉండాలి. కుళాయికి నేరుగా మోటారు బిగించి నీళ్లు లాగడం తప్పని అందరికీ తెలుసు. ముందే అడిగితే 'మీరు మున్సిపాలిటీ వాళ్ల తరఫున వచ్చారా' అని తలుపేసుకుంటారు, లేదా లేదనేస్తారు. ఇంకో దారి కూడా ఉంది: అసలా ప్రశ్న తీసేసి, కొత్త కాలనీల్లో 'మోటారు లేకుండా చివరి ఇళ్లకు నీళ్లెక్కుతాయా?' అని అడిగితే జనం తమ మాటగా కాక వీధి మాటగా చెబుతారు. నాకైతే ఇదే నచ్చింది. పేరు, ఫోను, ఆధార్ అడగనే వద్దు. వార్డు నంబరు, సందులో ఎన్నో ఇల్లో చాలు.

చివరికి చేతికొచ్చే అంకె ఎంత గట్టిది? ఉజ్జాయింపుగా 1ని ఇళ్ల సంఖ్య వర్గమూలంతో భాగించండి. నూట ఇరవైకి అది తొమ్మిది శాతం చిల్లర. అంటే నలభై శాతం ఇళ్లకు రోజు విడిచి రోజే నీళ్లని తేలితే, ఊళ్లో నిజం సుమారు ముప్ఫైఒకటికీ నలభైతొమ్మిదికీ మధ్య ఎక్కడో ఉండొచ్చు. ఊరి గురించి ఆ మాట అనొచ్చు. ఆరిళ్లు చూసి ఫలానా వార్డు అధ్వాన్నం అని మాత్రం అనకూడదు, పిల్లలు చార్టు మీద మొదట గీసేది అదే అయినా.

ఇంకొంచెం ఓపికుంటే గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ బెంగాల్ జనపనార పంట సర్వేల్లో వాడిన ఎత్తుగడ ఒకటుంది. ఒకే ప్రాంతం నుంచి వేర్వేరుగా రెండు నమూనాలు తీసి, వేర్వేరు బృందాలను పంపేవారు. మన క్లాసులోనూ అంతే: జట్లను రెండు సగాలు చేసి, ప్రతి వార్డుకూ రెండు సగాల నుంచీ చెరో జట్టు, ఒకటి నుంచి అరవైరెండు దాకా రాసిన చీటీల్లోంచి చెరోటి, ఇంటికీ ఇంటికీ మధ్య అరవైరెండు ఇళ్ల దూరం. అప్పుడు ఒక్కో జట్టుకు రెండు వార్డులు, మొత్తం ఇళ్లు దాదాపు అన్నే. ఒక సగానికి ముప్ఫైఎనిమిది శాతం, రెండో సగానికి నలభైమూడు వస్తే ఫరవాలేదు. ఒకరికి ఇరవై, ఇంకొకరికి అరవై వస్తే ఫారాలు ముందేసుకుని, ఎవరు ఏ ప్రశ్న ఎలా అడిగారో, పక్కింట్లో అడిగేసి వచ్చిందెవరో తేల్చుకోవాలి.