రోజూ నోట్సా, ఆదివారం నోట్సా?

కావలిలో గ్రూప్-2కు చదువుతున్నవారు కరెంట్ అఫైర్స్‌కు రోజుకు నలభై నిమిషాలే కేటాయించుకున్నప్పుడు, చదివినదంతా ఆ రోజే నోట్సుగా రాయడం ఒక పద్ధతి. తేదీ, పేరు, ఒక ప్రశ్న మాత్రమే ఒక్క వరుసలో రాసిపెట్టుకుని, ఆదివారం రెండు గంటలు కూర్చొని అంశాలవారీగా రాయడం మరో పద్ధతి.

రెండు ఉపగ్రహాలను అంతరిక్షంలో ఒకదానితో ఒకటి కలిపే ఇస్రో ప్రయోగం స్పేడెక్స్ వార్తనే తీసుకుందాం. మన పొరుగునే ఉన్న శ్రీహరికోట నుంచి 2024 డిసెంబరు 30న పీఎస్‌ఎల్‌వీ-సీ60 మోసుకెళ్లిన రెండు ఉపగ్రహాల అనుసంధానం మొదట జనవరి 7న అన్నారు, తర్వాత 9కి మార్చారు, చివరికి అది 16న జరిగింది. రోజూ రాసేవారి నోట్సులో ఈ మూడు తేదీలూ మూడు పేజీల్లో ఉంటాయి. పరీక్షకు ముందు తిరగేసేటప్పుడు ఏది నిలిచిందో వెతుక్కోవాలి, పైగా రాతకే సగం సమయం పోతుంది. ఆదివారం రాసేవారు 12న ఆ వరుసను ‘పెండింగ్’ అని వదిలేసి, 19న ‘జనవరి 16, నాలుగో దేశం, అంతకుముందు అమెరికా, రష్యా, చైనా’ అని ఒక్కసారే రాస్తారు.

నా మొగ్గు రెండో దానికే. అయితే ‘ఇస్రో ప్రయోగం’ అని మాత్రమే రాసుకుంటే ఆదివారానికి అదేమిటో గుర్తురాదు. వరుసగా రెండు ఆదివారాలు తప్పిపోయేవారికి మాత్రం రోజువారీ నోట్సే నయం.